ఘాట్ రోడ్డుపై ఆటోమేటిక్ ఎస్‌యూవీ: రెండు సెకన్ల సాయం, దిగుడులో బటన్

సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతూ వాహనాల వరుసలో ఆగినప్పుడు, బ్రేకు పెడల్ నుంచి పాదం తీశాక కూడా బండి వెనక్కి జారకుండా పట్టి ఉంచేది హిల్ స్టార్ట్ అసిస్ట్. అయితే ఆ పట్టు చాలా బండ్లలో సుమారు 2 సెకన్లే ఉంటుంది. ముందున్న ఆటో కదిలిందని పాదం తీసి, అది మళ్లీ ఆగడంతో యాక్సిలరేటర్ నొక్కకుండా తటపటాయిస్తే, ఆ గడువు తీరి బండి వెనక్కి జారవచ్చు. కనుక దారి ఖాళీ అయ్యేదాకా బ్రేకు వదలకండి, వదిలాక వెంటనే యాక్సిలరేటర్‌ను మెల్లగా నొక్కండి. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే పార్కింగ్ బ్రేకు వేసుకోవడమే మేలు.

దిగేటప్పుడు వాడే హిల్ డిసెంట్ కంట్రోల్ దానంతట అది రాదు, బటన్ నొక్కాలి. ఇది ఇంజను పట్టు మీద కాక, ప్రధానంగా చక్రాల బ్రేకులను తానే వేస్తూ వదులుతూ వేగాన్ని అదుపు చేస్తుంది. అప్పుడు వినిపించే గరగర చప్పుడు లోపం కాదు. అరకు వైపు పల్లెల్లోని గులకరాళ్ల ఏటవాలు బాటల్లో ఇది ఎంతో అక్కరకొస్తుంది గానీ, పొడవైన తారు ఘాట్ రోడ్డంతా దీని మీదే దిగితే బ్రేకులు వేడెక్కుతాయి, కొన్ని బండ్లలో వ్యవస్థే ఆగిపోతుంది. అక్కడ మాన్యువల్ మోడ్‌లో రెండో గేరుకు దించి, ఇంజను బ్రేకింగ్‌తో దిగండి. న్యూట్రల్‌లో మాత్రం ఎన్నడూ దిగకండి.