గల్ఫ్ ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

జగిత్యాల జిల్లాలో పదో తరగతి దాటని ఒక తాపీమేస్త్రీకి దుబాయ్ ఉద్యోగం వచ్చిందనుకుందాం. నెలకు 2,500 దిర్హాములు, గదీ భోజనమూ కంపెనీవే, పది రోజుల్లో ప్రయాణం. ఖర్చు 1,20,000 రూపాయలు, అందులో 40,000 ముందే కట్టాలి. ఏజెంటు హైదరాబాద్ ఏజెన్సీ లైసెన్సు నకలు కూడా చూపించాడు. అప్పు కోసం ఎవరి గడపా తొక్కకముందే ఈ మేస్త్రీ చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదట విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే emigrate.gov.in సైట్ తెరిచి, నమోదైన రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితాలో ఆ ఏజెన్సీ పేరు వెతకాలి. లైసెన్సు చెల్లుబాటులో ఉందా, గడువు తీరిందా, రద్దయిందా అన్నది అక్కడే తెలుస్తుంది. పేరు కనిపించింది కదా అని ఊరట చెందవద్దు. లైసెన్సు అసలుదే అయినా, దాని నకలు పట్టుకుని ఊళ్లు తిరిగే మనిషికి ఆ ఏజెన్సీతో ఏ సంబంధమూ లేకపోవచ్చు. మోసం తరచుగా దాక్కునేది ఇక్కడే. అందుకే కాగితం మీది నంబరుకు కాకుండా, సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. ఫలానా మనిషి మీవాడేనా, ఫలానా కంపెనీకి మేస్త్రీలను తీసుకుంటున్నారా అని అడగాలి. వీలైతే ఆ ఆఫీసుకే వెళ్లి, తమకు ఇంతమంది పనివాళ్లు కావాలని దుబాయ్ కంపెనీ ఇచ్చిన డిమాండ్ లెటర్ చూపించమనాలి.

తర్వాత డబ్బు లెక్క. ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రసీదు ఇచ్చి తీరాలి. అంటే 1,20,000 అడిగినప్పుడే ఈ బేరం చట్టం దాటిపోయింది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది వీసా. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ రకం. అలాంటి వారు యూఏఈ, సౌదీ, కువైట్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి ఉండాలి. దాన్ని తప్పించుకోవడానికే ఏజెంటు “ఇప్పుడు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం” అంటాడు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడిగే దారి ఉండదు. సక్రమమైన ఉద్యోగానికి యూఏఈ కార్మిక శాఖ ద్వారా వచ్చే ఆఫర్ లెటర్ ఉంటుంది. ప్రయాణానికి ముందే దాన్ని తెప్పించుకుని, జీతం, పని పేరు, కంపెనీ పేరు ఏజెంటు చెప్పినవాటితో సరిపోల్చాలి. నోటితో 2,500 అని కాగితంలో 1,000 ఉంటే, చేతికొచ్చేది ఆ వెయ్యే అనుకోవాలి.

ఏ ఒక్కటి తేడాగా ఉన్నా పాస్‌పోర్టు ఏజెంటు చేతికి ఇవ్వకూడదు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090 నంబరులో ఫోన్ చేయవచ్చు, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో అడగవచ్చు. అప్పటికే డబ్బు కట్టి ఉంటే వాట్సాప్ సందేశాలు, బ్యాంకు వివరాలు చెరిపేయకుండా వాటితోనే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి.