ట్రైలర్ కట్టి బయల్దేరే ముందు: లైట్లు వెలిగితే సరిపోదు

మెమోరియల్ డే వీకెండ్ వస్తోంది, టెక్సాస్‌లో మనవాళ్ళు చాలామంది ఈసారి క్యాంపర్ ట్రైలర్ కొనో, అద్దెకు తీసుకునో బయల్దేరుతున్నారు. అందుకే రెండేళ్ళ క్రితం మాకు జరిగింది ముందు చెప్పేస్తాను. డాలస్ నుంచి పాలో డ్యూరో కాన్యన్‌కి వెళ్తున్నాం, 287 హైవే మీద విచిటా ఫాల్స్ దాటాక డాష్ మీద TRAILER DISCONNECTED అని వచ్చి, టింగ్‌మని మోగి, మాయమైపోయింది. పక్కకి ఆపి చూశాను. ప్లగ్ గట్టిగానే ఉంది. మా ఆవిడ వెనక నిలబడితే బ్రేక్ లైటు, రెండు ఇండికేటర్లు అన్నీ వేసి చూపించాను, అన్నీ వెలిగాయి. "అన్నీ పనిచేస్తున్నాయి కదండీ, పదండి" అంది, నేనూ సరే అనుకున్నాను. ఆ అనుకోవడమే తప్పు.

అక్కడ ఉండేది ఏడు పిన్నుల ప్లగ్. ఎడమ ఇండికేటర్‌కి ఒక పిన్, కుడి దానికి ఒకటి, వెనక చిన్న లైట్లకి ఒకటి, రివర్స్ లైటుకి ఒకటి, ట్రైలర్ బ్యాటరీ ఛార్జింగ్‌కి ఒకటి, అన్నిటికీ కలిపి గ్రౌండ్ ఒకటి, ఇవన్నీ కాకుండా ట్రైలర్ చక్రాల్లో ఉండే ఎలక్ట్రిక్ బ్రేకులకి విడిగా ఒకటి. బ్రేకులకి వెళ్ళేది సాధారణంగా నీలం వైరు. అది తెగినా, ప్లగ్ లోపల స్క్రూ దగ్గర వదులైనా లైట్లకి ఏమీ కాదు, కానీ ట్రైలర్ బ్రేకులు ఉండవు. మా ప్లగ్‌లో జరిగింది అదే. బండి చెప్పింది నిజం, నేను చూసింది వేరే పిన్నులు.

ఆ తర్వాత చిల్డ్రెస్ దగ్గర పెద్ద ట్రక్కు ఒకటి మమ్మల్ని దాటింది, పక్కగాలి కూడా బలంగా ఉంది. ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. డాష్ మీద TRAILER SWAY REDUCE SPEED, పక్కనే జారుతున్న కారు బొమ్మ టకటకా మెరుస్తోంది. చాలామంది పొరబడేది ఇక్కడే: బండిలో ఉండే స్వే కంట్రోల్ అనేది ఊపు మొదలవకుండా ఆపే ఏర్పాటు కాదు. బండి పక్కలకి తిరుగుతున్న తీరును సెన్సర్లు పట్టుకున్నాక, ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి, ఇంజిన్ లాగుడు తగ్గిస్తుంది, ట్రైలర్ బ్రేకులు కూడా దాని చేతిలో ఉంటే వాటినీ వాడుకుంటుంది. మాకు ఆ చివరిది లేదు. ట్రైలర్ బ్రేకులు మాత్రమే విడిగా వేయడానికి డ్రైవర్ చేతికందేలా ఉండే బ్రేక్ కంట్రోలర్ మీట నేను నొక్కితే వెనక ఏమీ పట్టలేదు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని ఉండిపోతే ఎలాగో నిదానంగా సర్దుకుంది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు, ఆ భయం ఇప్పటికీ పోలేదు.

కాబట్టి మొదటి జాగ్రత్త, ఇంటి దగ్గరే ఖాళీ పార్కింగ్ స్థలంలో, ట్రైలర్ కట్టాక, గంటకి 15, 20 మైళ్ళ వేగంలో వెళ్తూ కాలు బ్రేకు మీద పెట్టకుండా చేత్తో ఆ మీట ఒక్కటే నొక్కండి. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు ఉండాలి. అలా లేకపోతే లైట్లన్నీ వెలిగినా సరే, బయల్దేరకండి. దీనికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

మెసేజ్ వస్తే తప్పు బండిలో ఉందా ట్రైలర్‌లో ఉందా తేల్చుకోవడం తేలికే. ఫోర్డ్ పికప్‌లలో WIRING FAULT ON TRAILER అని వస్తే అది బ్రేకులకి కరెంటు పంపే తీగ ఎక్కడో షార్ట్ అయిందని. చెవ్రొలెట్, జీఎంసీల్లో CHECK TRAILER WIRING అని వస్తుంది, మాటలు మోడల్‌ని బట్టి మారతాయి. ప్లగ్ పీకేసి, ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేయండి. ప్లగ్ లేకుండా కూడా అదే మెసేజ్ వస్తుంటే తప్పు బండి వైపు. ట్రైలర్ తగిలిస్తేనే వస్తుంటే తప్పు ట్రైలర్ వైపు, అప్పుడు ముందు చూడాల్సింది ఇరుసు పక్కనుంచి వెళ్ళే తీగలు, ఫ్రేముకి రాసుకుని పైతోలు ఊడిపోయి ఉంటాయి. ఫ్యూజు కాలిపోతే మార్చి వదిలేయకండి, మళ్ళీ కాలితే ఎక్కడో రాపిడి ఉన్నట్టే. ఇంకా పెద్ద ఫ్యూజు మాత్రం పెట్టకండి, తీగ కాలుతుంది.

గ్రౌండ్ తప్పు వేరే రకం, అది డాష్ మీద సరిగ్గా కనిపించకపోవచ్చు. తెల్ల వైరు వదులైతే కరెంటు వెనక్కి వెళ్ళే దారి లేక మిగతా బల్బుల గుండా వెతుక్కుంటుంది, దాంతో ఎడమ ఇండికేటర్ వేస్తే కుడి లైటు కూడా మసగ్గా మినుకుమంటుంది, హెడ్‌లైట్లు వేసి బ్రేకు నొక్కితే చిన్న లైట్లు డల్ అవుతాయి. ఆగి ఉన్నప్పుడు ట్రైలర్‌ని బండికి తగిలించే హిచ్ బంతి ఇనుము గుండా గ్రౌండ్ అంది అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించొచ్చు, కదలగానే పోతుంది. అందుకే చెక్ చేసేటప్పుడు ఒక్కో లైటు విడిగా కాకుండా చిన్న లైట్లు, బ్రేకు, ఇండికేటర్ మూడూ ఒకేసారి వేసి చూడాలి. ఇండికేటర్ వేగంగా కొట్టుకుంటే ఎక్కువసార్లు ఎక్కడో బల్బు పోయినట్టు, కానీ ట్రైలర్‌కి ఎల్ఈడీ లైట్లు వేయించి ఉంటే కరెంటు తక్కువ తీసుకోవడం వల్ల కూడా కొన్ని బండ్లు అలా చూపిస్తాయి.

ఇక మా ట్రైలర్ అసలు ఎందుకు ఊగింది అంటే అది వైరు వల్ల కాదు, బరువు వల్ల. సామానుతో 5,000 పౌండ్లు, హిచ్ బంతి మీద పడే బరువు 550, అంటే 11 శాతం. ఇలాంటి ట్రైలర్లకి 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. ఆ ఉదయం వెనకున్న నీళ్ళ ట్యాంకు నింపాను, 40 గ్యాలన్లు, దాదాపు 330 పౌండ్లు. అది ఇరుసుకి ఐదడుగుల వెనక, బంతి ఇరుసుకి పదిహేనడుగుల ముందు, కాబట్టి బంతి మీద 110 పౌండ్లు తగ్గింది. ఆఖరి బంపర్‌కి, ఇరుసుకి పదడుగుల వెనక, 90 పౌండ్ల సైకిళ్ళు కట్టాను, ఇంకో 60 పోయింది. మిగిలింది 380, మొత్తం బరువు 5,420, అంటే ఏడు శాతం. తోక బరువెక్కి ముక్కు తేలికైపోయింది. ఇప్పుడు నీళ్ళు క్యాంప్ దగ్గరకి వెళ్ళాకే నింపుతాం, సైకిళ్ళు పికప్ వెనకే పడుకుంటాయి.

ఒకవేళ ఊపు మొదలైతే బ్రేకు పెడలు గట్టిగా తొక్కకండి, ఊపుకి ఎదురుగా స్టీరింగ్ తిప్పకండి, వేగం పెంచి లాగేద్దామనుకోకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, చేత్తో ట్రైలర్ బ్రేకు మీట నొక్కండి. ఆ మీట పనిచేయాలంటే నీలం వైరు బాగుండాలి, పైన చెప్పినదంతా అందుకోసమే. ఆ తర్వాత ఆగి, బరువులు ముందుకి జరిపి గానీ మళ్ళీ వేగం ఎక్కకండి.

బ్రేక్‌అవే కేబుల్ కూడా ఒకసారి చూసుకోండి. ట్రైలర్ ఊడిపోతే ఆ కేబుల్ లాగడంతో దాని చివరి పిన్ను బయటికొచ్చి ట్రైలర్ సొంత బ్యాటరీతో బ్రేకులు పడతాయి. పరీక్షించేటప్పుడు ఏడు పిన్నుల ప్లగ్ ముందు పీకేయండి, లేకపోతే బండిలో కంట్రోలర్ దెబ్బతినొచ్చు. పిన్ను లాగి చక్రాలు పట్టాయని చూసి వెంటనే తిరిగి పెట్టేయాలి, ఎక్కువసేపు వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, బ్రేకు మాగ్నెట్లు వేడెక్కుతాయి.

మా ప్లగ్ విప్పి చూస్తే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది, చలికాలమంతా మూత తెరిచి నేల మీద పడి ఉన్నందుకు. చిన్న బ్రష్‌తో గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, స్క్రూలు బిగించి, కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు రాశాను. ఇప్పుడు ఇంటికి రాగానే ప్లగ్ నోరు కిందికి ఉండేట్టు కొక్కేనికి వేలాడదీస్తున్నాను.