భార్యకిచ్చిన గిఫ్టు, క్లబ్బింగ్ నోటీసు: నా అనుభవం

బెంగళూరులో ఉంటున్నాం. మా ఆవిడకు 6 లక్షలు గిఫ్టుగా ఇచ్చాను. తన జీతంలో దాచుకున్న 4 లక్షలు కలిపి తను 10 లక్షలు ఎఫ్‌డీ వేసింది. ఏడు శాతం చొప్పున వడ్డీ 70,000. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 64 ప్రకారం భార్యకిచ్చిన డబ్బు మీద వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలో కలుపుతారు, దీన్నే క్లబ్బింగ్ అంటారు. అందుకే నా గిఫ్టు మీద వచ్చే 42,000 నా రిటర్నులోనే చూపించాను. అయినా మొత్తం 70,000 నా ఆదాయంలో ఎందుకు కలపకూడదని ఆదాయపు పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చింది. టెన్షన్ పడ్డాం.

గిఫ్ట్ డీడ్ ఒక్కటే పెడితే చాలదు, అది నా డబ్బుకే రుజువు. పని చేసింది తన బ్యాంకు స్టేట్‌మెంటు: నా 6 లక్షలు జమయ్యే ముందు రోజు బ్యాలెన్స్ 4 లక్షల పైనే ఉంది, అంతకుముందు నెలనెలా జీతం పడిన వరుసలున్నాయి. వాటికి గుర్తు పెట్టి, ఫారం 16తో, వడ్డీని 6:4గా విడదీసిన లెక్కతో ఆదాయపు పన్ను పోర్టల్‌లోని e-Proceedingsలో జవాబిచ్చాను. మిగిలిన 28,000 తనదేనని ఒప్పుకున్నారు.