డివిడెండ్ ముందురోజు మీ షార్ట్ కాల్ అసైన్ అవుతుందా? తేల్చుకోవడం ఎలా

అమెరికా మార్కెట్లో షేర్ల మీద నడిచే కాల్స్‌ని గడువు దాకా ఆగకుండా ఏ రోజైనా ఎక్సర్‌సైజ్ చేసుకోవచ్చు, అంటే స్ట్రైకు ధర కట్టి షేరు తీసుకోవచ్చు. మామూలు రోజుల్లో ఆ పని ఎవరూ చేయరు. కాల్‌లో ఇంకా టైమ్ వాల్యూ ఉండగా ఎక్సర్‌సైజ్ చేస్తే ఆ డబ్బు పోతుంది, అదే మార్కెట్లో అమ్ముకుంటే చేతికొస్తుంది. డివిడెండ్ ముందురోజు మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. డివిడెండ్ షేరు ఉన్నవాళ్లకే గానీ కాల్ ఉన్నవాళ్లకు రాదు. మర్నాడు షేరు ధర దాదాపు ఆ మేరకు తగ్గి మొదలవుతుంది, ఆ దెబ్బ మాత్రం కాల్ ఉన్నవాళ్లకే తగులుతుంది. అందుకే వాళ్లు ఆ సాయంత్రమే ఎక్సర్‌సైజ్ చేసి షేరు తీసేసుకుంటారు. కాల్ అమ్మి ఉంటే ఆ షేరు ఇవ్వాల్సింది మీరు, అసైన్ అవడమంటే ఇదే.

ఇదంతా ముందురోజు పది నిమిషాల్లో తేల్చుకోగలిగిన విషయం. అయినా ప్రతి మూడు నెలలకూ అదే తప్పు చేసి, పొద్దున్నే అకౌంట్ చూసుకుని కంగారుపడేవాళ్లను చూస్తూనే ఉన్నాను. నేను చేసే పద్ధతి ఇది.

కావలసినవి

ఆప్షన్ చెయిన్ కనిపించే స్క్రీను, కంపెనీ ప్రకటించిన ఎక్స్ డివిడెండ్ తేదీ, షేరుకు ఎంత ఇస్తున్నారో ఆ మొత్తం, ఒక క్యాలిక్యులేటర్. ఇంతే.

1. తేదీ ఖాయం చేసుకోండి

చూడాల్సింది డబ్బు చెల్లించే తేదీ కాదు, ఎక్స్ తేదీ. ఆ రోజు నుంచి షేరు కొన్నవాళ్లకు ఈ డివిడెండ్ రాదు. ఎక్స్ తేదీ గురువారమైతే ప్రమాదం బుధవారం సాయంత్రం. సోమవారమైతే అంతకుముందు శుక్రవారం. 2024 మే 28న అమెరికాలో సెటిల్‌మెంట్ ఒక్క రోజుకు తగ్గింది. అప్పటినుంచి ఎక్స్ తేదీ, రికార్డ్ తేదీ మామూలుగా ఒకటే రోజు పడుతున్నాయి. పాత వ్యాసాల్లో వాటి మధ్య ఒక రోజు తేడా చెప్పి ఉంటుంది, ఇప్పుడు దాన్ని నమ్మి లెక్కపెట్టకండి.

ప్రత్యేక డివిడెండ్ అయితే చాలావరకు స్ట్రైకునే ఆ మేరకు తగ్గిస్తారు కాబట్టి ఈ చిక్కు రాదు. మూడు నెలలకోసారి ఇచ్చే మామూలు డివిడెండ్‌కు అలాంటి సర్దుబాటు ఏదీ ఉండదు.

2. షేరు ధర కన్నా తక్కువ స్ట్రైకు ఉన్న షార్ట్ కాల్స్ పక్కకు తీయండి

మిగతావాటిని ఈ రోజుకు వదిలేయండి.

3. అదే స్ట్రైకు పుట్ ధర చూడండి

అందరూ తడబడేది ఇక్కడే, అందుకే ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం.

ఎక్కడ చూసినా ఒకటే సూత్రం చెబుతారు: కాల్‌లో మిగిలిన టైమ్ వాల్యూ డివిడెండ్ కన్నా తక్కువైతే అసైన్ అవుతుంది అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ అది తప్పు. రాబోయే డివిడెండ్‌ను కాల్ ధరలోంచి మార్కెట్ ముందే తీసేసి ఉంటుంది. అలా తీసేశాక మిగిలిన టైమ్ వాల్యూని మళ్లీ డివిడెండ్‌తో పోలిస్తే ఒకే డివిడెండ్‌ను రెండుసార్లు లెక్కేసినట్టే.

సరైన పోలిక ఇది. కాల్‌ను ఎక్సర్‌సైజ్ చేసినవాళ్లు రెండు వదులుకుంటున్నారు. ఒకటి రక్షణ: షేరు స్ట్రైకు కిందికి పడిపోతే కాల్ ఉన్నవాళ్లకు అంతకు మించి నష్టం లేదు, షేరు ఉన్నవాళ్లకు ఉంది. ఆ రక్షణ ఖరీదే అదే స్ట్రైకు, అదే గడువు ఉన్న పుట్ ధర. రెండోది వడ్డీ: స్ట్రైకు డబ్బు గడువు రోజు కట్టాల్సింది ఈరోజే కడుతున్నారు. ఈ రెండూ కలిపినా డివిడెండ్ కన్నా తక్కువైతే, లెక్క తెలిసినవాళ్లు ఎక్సర్‌సైజ్ చేసి తీరతారు. ఎక్కువైతే చేయరు.

పుట్ ధర + గడువు దాకా స్ట్రైకు మీద వడ్డీ < డివిడెండ్ → అసైన్ అవుతుందనే అనుకోండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. షేరు 54 డాలర్లు. రేపు ఎక్స్ తేదీ, డివిడెండ్ 60 సెంట్లు. ఆప్షన్లకు ఇంకా 18 రోజుల గడువుంది. వడ్డీ ఏడాదికి 4 శాతం అనుకుందాం.

ముందు 50 కాల్. 50 పుట్‌కు బిడ్ 14 సెంట్లు, ఆస్క్ 18, మధ్య ధర 16. 50 డాలర్ల మీద 18 రోజుల వడ్డీ సుమారు 10 సెంట్లు. మొత్తం 26. ఇది 60 కన్నా బాగా తక్కువ. ఈరోజు ఎక్సర్‌సైజ్ చేస్తే 54 మైనస్ 50, అంటే 4 డాలర్లు. ఊరుకుంటే రేపు షేరు 53.40కి దిగుతుంది, కాల్ విలువ 3.40కి ఆ 26 సెంట్లు కలిపి 3.66. ఊరుకున్నవాళ్లకు షేరుకు 34 సెంట్ల నష్టం. ఈ కాల్ అసైన్ అవుతుంది.

ఇప్పుడు 52.50 కాల్. దాని పుట్ మధ్య ధర 78 సెంట్లు, వడ్డీ 10, మొత్తం 88. ఇది 60 కన్నా ఎక్కువ. కాల్ ధర 1.78. అందులో 1.50 అసలు విలువ, 28 సెంట్లు టైమ్ వాల్యూ. పాత సూత్రం పట్టుకున్నవాళ్లు 28 అంటే 60 కన్నా తక్కువే కదా అని భయపడి ఈ కాల్‌ని తిరిగి కొనేస్తారు. నిజానికి దీన్ని ఎక్సర్‌సైజ్ చేస్తే వచ్చేది 1.50. ఉంచుకుంటే రేపు షేరు 53.40 దగ్గర 90 సెంట్లకు 88 కలిపి 1.78. 28 సెంట్లు పారేసుకోవాలని ఎవరికీ ఉండదు. ఈ కాల్ జోలికి వెళ్లకండి.

పుట్‌ను నేను ఇష్టపడడానికి ఇంకో కారణం కూడా ఉంది. షేరు ధర కన్నా బాగా కింద ఉన్న కాల్స్‌లో బిడ్‌కూ ఆస్క్‌కూ మధ్య 15, 20 సెంట్ల ఎడం ఉంటుంది. టైమ్ వాల్యూ ఎంతో తేల్చాలంటే అందులో ఏ ధర పట్టుకోవాలో తెలియదు. అదే స్ట్రైకు పుట్ చవక, ఎడం కూడా తక్కువ. మధ్య ధరే తీసుకోండి. చివరి ట్రేడ్ ధర ఎప్పుడూ తీసుకోవద్దు, అది పొద్దుటిదో నిన్నటిదో అయి ఉండొచ్చు. మొత్తం డివిడెండ్‌కు ఐదు సెంట్ల అటూ ఇటూలో ఉంటే అసైన్ అవుతుందనే లెక్కేసుకోండి, ఎందుకంటే మార్కెట్ ముగిసేలోపు షేరు కొంచెం పెరిగినా పుట్ తగ్గిపోతుంది.

గడువు ఎంత దగ్గరపడితే పుట్, వడ్డీ అంతగా కరిగిపోతాయి. S&P 500 సూచీని అనుసరించే SPY ఫండ్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని ఎక్స్ తేదీ మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో మామూలుగా మూడో శుక్రవారం పడుతుంది, నెలవారీ ఆప్షన్ల గడువూ అదే రోజు. గురువారం సాయంత్రానికి పుట్‌లో మిగిలేది ఒక్క రోజు కాబట్టి షేరు స్ట్రైకు దాటి కొన్ని డాలర్లు పైన ఉన్నా చాలు, కాల్ అసైన్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అదే సూచీ మీద నడిచే SPX ఆప్షన్లు యూరోపియన్ తరహా, అంటే గడువుకు ముందు ఎక్సర్‌సైజ్ చేయలేనివి, నగదుతో తేలేవి. వాటిలో ఈ బెడద లేదు.

4. స్ప్రెడ్ ఉంటే రెండు కాళ్లకూ పరీక్ష పెట్టండి

ఉత్త కవర్డ్ కాల్ అసైన్ అయితే నిజంగా పోయేదేమీ లేదు. 54 షేరు 50కి పోయింది, మీ మీదున్న 4 డాలర్ల కాల్ బాకీ తీరింది. షేరు ఉంచుకోవాలనుంటే కాల్‌ను తిరిగి కొని, పై పరీక్షలో నిలిచే దూరపు గడువు కాల్ అమ్ముకోండి.

అసలు డబ్బు పోయేది రెండు కాళ్లూ లాభంలో లోతుగా ఉన్న స్ప్రెడ్‌లో. అదే షేరు మీద 45 కాల్ కొని 50 కాల్ అమ్మారనుకోండి, పది కాంట్రాక్టులు. స్ప్రెడ్ విలువ 5 డాలర్లకు చేరింది, ఇక గరిష్ఠ లాభం వచ్చినట్టే, పోయేదేముంది అనిపిస్తుంది. మొదట్లో నేనూ అలాగే నిద్రపోయాను. తెల్లారేసరికి పది కాల్స్ అసైన్ అయి, వెయ్యి షేర్లు షార్ట్‌లో ఉండి, డివిడెండ్ కింద 600 డాలర్లు నా ఖాతాలోంచి పోయాయి.

జరిగింది ఇదీ. 50 కాల్ ఉన్నవాళ్లు డివిడెండ్ కోసం ఎక్సర్‌సైజ్ చేశారు. నా 45 కాల్‌కూ అదే పరీక్ష వర్తిస్తుంది: పుట్ 1 సెంటు, వడ్డీ 9, మొత్తం 10. నేనూ అదే సాయంత్రం ఎక్సర్‌సైజ్ చేయాల్సింది, చేయలేదు. 9 డాలర్ల కాల్ పొద్దున్నే 8.50 అయింది. షేరుకు 50 సెంట్లు, మొత్తం మీద 500 డాలర్లు పోయాయి.

ఆ పైన ఇంకో పొరపాటు కూడా చేశాను. కంగారులో ఉదయమే 45 కాల్స్‌ని ఎక్సర్‌సైజ్ చేశాను. ఎక్స్ తేదీ నాడు చేసినందుకు డివిడెండ్ రాకపోగా, మిగిలిన ఆ పది సెంట్లు కూడా పోయాయి. 500తో పోయేది 600 అయింది. ఆ ఉదయం 45 కాల్ బిడ్ అసలు విలువ 8.40 కన్నా పైన ఉంటే కాల్‌ని అమ్మి షేర్లను మార్కెట్లో కొనాలి. బిడ్ అంతకన్నా కింద ఉంటేనే ఎక్సర్‌సైజ్.

5. మార్కెట్ ముగిసేలోపు పని పూర్తి చేయండి

న్యూయార్క్ సమయం సాయంత్రం 4కి మార్కెట్ ముగుస్తుంది. కాల్ ఉన్నవాళ్లు ఆ తర్వాత కూడా కాసేపు బ్రోకర్‌కు ఎక్సర్‌సైజ్ ఆదేశం ఇవ్వగలరు, అమ్మినవాళ్లు మాత్రం ఇక ఏమీ కొనలేరు. అందుకే 3కల్లా స్ప్రెడ్ మొత్తాన్ని ఒకే ఆర్డర్‌గా అమ్మేయండి. లిమిట్ 4.98 దగ్గర మొదలుపెట్టి ఒక్కో సెంటు దిగండి. 4.93కి పోయినా ఇచ్చేయండి. ఏడు సెంట్ల కోసం చూసుకుని యాభై పోగొట్టుకోవద్దు.

ఎవరూ కొనకపోతే 45 కాల్స్ పదీ అదే రోజు ఎక్సర్‌సైజ్ చేయమని చెప్పండి. దానికి 45,000 డాలర్ల సర్దుబాటు కావాలి కాబట్టి మార్జిన్ సరిపోతుందో లేదో ముందే అడగండి, బ్రోకర్ కటాఫ్ సమయం కూడా అడగండి.

అందరూ ఎక్సర్‌సైజ్ చేయరు, మర్చిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కానీ ఎవరి కాల్ అసైన్ కావాలో ఆప్షన్స్ క్లియరింగ్ కార్పొరేషన్ బ్రోకర్ల మధ్య చీటీ తీసినట్టు పంచుతుంది, ఆ పైన ఖాతాదార్లకు బ్రోకర్ పంచుతారు. పదిలో ఏడే అసైన్ కావచ్చు. మీరు పదీ ఎక్సర్‌సైజ్ చేసి ఉంటే మిగిలిన 300 షేర్లకు డివిడెండ్ మీకే వస్తుంది, మిగిలిన మూడు 50 కాల్స్ వాటి మీద కవర్డ్ కాల్స్‌గా ఉంటాయి, ఒక్కోటి 4 డాలర్లకు బదులు 3.66 దగ్గర తిరిగి కొనుక్కోవచ్చు.