తీరరేఖ వంపులో పొంతన లేని అంకెలు: నా అనుభవం

1990 నుంచి 2020 వరకు నాలుగు తీరరేఖలపై తీరం ఏటా ఎంత జరిగిందో లెక్కించే డీఎస్‌ఏఎస్‌ సాఫ్ట్‌వేర్‌లో 50 మీటర్లకొక అడ్డగీత వేశాను. వంపు దగ్గర ఒక గీత ఏడాదికి 2 మీటర్ల కోత చూపితే, పక్కదే 9 మీటర్ల మేట చూపింది. రేఖలు మళ్లీ గీశాను, చిత్రాల అమరిక సరిచేశాను, తేదీలు సరిచూశాను, ఏదీ ఫలించలేదు.

చివరికి దగ్గరగా చూస్తే అక్కడ అడ్డగీతలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతున్నాయి. గీతలు మొదలయ్యే ఆధారరేఖలోని ప్రతి చిన్న మెలికకూ లంబంగా తిరుగుతున్నాయన్నమాట. పాత గీతలు తొలగించి, గీతల దిశకు చిన్న మెలికలు లెక్కలోకి రాకుండా చేసే స్మూతింగ్ దూరం 500 మీటర్లు ఇచ్చి మళ్లీ వేశాను. గీతల మొదళ్లు ఆధారరేఖపైనే ఉన్నాయి, దిశ మాత్రమే మారింది. ఆ తర్వాత రేట్లు తిరిగి లెక్కిస్తే రెండు చోట్లా కోతే: 2.1, 2.4 మీటర్లు.

నదీముఖం పక్కన మాత్రం ఇదీ చాలలేదు, మూడు గీతలను చేత్తో తిప్పాను. మీ తీరానికి 500 సరిపోతుందని చెప్పలేను.