వాహన రుణం తీరిన తరువాత ఎన్‌ఓసీ పొంది, ఆర్‌సీపై హైపోథికేషన్ తొలగించుకునే విధానం

చివరి వాయిదా కట్టినంత మాత్రాన ఆర్‌సీపై ఉన్న రుణ సంస్థ పేరు దానంతట అదే తొలగిపోదు. రుణ సంస్థ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఇవ్వాలి, ఆ తరువాత రవాణా శాఖ తన రికార్డులో హైపోథికేషన్‌ను, అంటే వాహనం ఆ రుణానికి తాకట్టులో ఉందన్న నమోదును, రద్దు చేయాలి. ఈ రెండో పని సాధారణంగా యజమాని దరఖాస్తు చేసుకుంటేనే మొదలవుతుంది.

ముందుగా రుణ ఖాతా స్టేట్‌మెంటు తీసుకుని, బాకీ సున్నా అయిందో లేదో చూసుకోవాలి. ఎప్పుడో ఒక చెక్కు వెనక్కి వచ్చినప్పుడు వేసిన చిన్న రుసుము మిగిలి ఉన్నా ఖాతా మూసినట్లు కాదు, ఎన్‌ఓసీ కూడా రాదు. బాకీ లేదని తేలాక రుణ ఖాతా సంఖ్య, వాహన రిజిస్ట్రేషన్ సంఖ్య రాసి ఎన్‌ఓసీతో పాటు, హైపోథికేషన్ ముగిసిందని తెలిపే ఫారం 35ను సంతకం, ముద్ర వేసి రెండు ప్రతులు ఇవ్వాలని రుణ సంస్థను లిఖితపూర్వకంగా కోరి, రసీదు తీసుకోవాలి. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలను తిరిగి ఇచ్చి, నమోదైన తాకట్టును తొలగించాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో బ్యాంకులను, ఫైనాన్స్ సంస్థలను ఆదేశించింది. ఆలస్యం జరిగితే రుణం తీరిన తేదీని చూపే స్టేట్‌మెంటు, మీ లేఖకు తీసుకున్న రసీదు మీకు ఆధారం.

పత్రాలు చేతికి రాగానే కౌంటరు దగ్గరే ఆర్‌సీతో పోల్చి చూడండి. దరఖాస్తులు ఎక్కువగా తిరిగి వచ్చేది ఇక్కడి తప్పుల వల్లనే. ఉదాహరణకు, ఒక ద్విచక్ర వాహనం ఆర్‌సీపై పాత ఫైనాన్స్ కంపెనీ పేరు ఉండగా, ఆ కంపెనీ మరొక దానిలో విలీనమైనందున ఎన్‌ఓసీ కొత్త పేరుతో వచ్చిందనుకుందాం. ఆర్టీఓ కార్యాలయం చూసేది రికార్డులోని పేరునే కాబట్టి, రెండూ ఒకటే సంస్థ అని తెలిపే విలీన ధ్రువీకరణ లేఖను కూడా ఆ సంస్థ నుంచే తీసుకోవాలి. ఇంజిన్, చాసిస్ సంఖ్యల్లో ఒక్క అక్షరం తేడా ఉన్నా చేత్తో దిద్దించుకోవద్దు, కొత్త పత్రమే అడగండి. పత్రంపై చెల్లుబాటు గడువు ముద్రించి ఉంటే, ఆ లోపే దరఖాస్తు చేయాలి.

ఆ తరువాత parivahan.gov.in లో వాహన సేవల కింద Hypothecation Termination ఎంచుకుని, వివరాలు నింపి, రుసుము చెల్లించాలి. రాష్ట్రాన్ని బట్టి పత్రాలను అప్‌లోడ్ చేయాలి, లేదా ఆర్టీఓ కార్యాలయంలో సమర్పించాలి. ఫారం 35పై యజమాని సంతకం కూడా ఉండాలి. అసలు ఆర్‌సీ, అమల్లో ఉన్న బీమా, కాలుష్య ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి. సమర్పించేముందు అన్నింటికీ నకళ్లు తీసి పెట్టుకోండి.

కొత్త ఆర్‌సీ వచ్చాక అందులో ఫైనాన్షియర్ పేరు లేదని సరిచూసుకుని, దాని నకలును బీమా సంస్థకు పంపి, పాలసీలో కూడా రుణ సంస్థ పేరును తీయించుకోవాలి. బీమా రికార్డులో ఆ పేరు అలాగే ఉంటే, వాహనం పూర్తిగా దెబ్బతిన్నా, చోరీకి గురైనా పరిహారం చేతికి రావడానికి ముందు మళ్లీ అదే సంస్థ నుంచి నిరభ్యంతరం తెమ్మని అడిగే అవకాశం ఉంది.