చెనిక్కాయ రైతుకు ఇచ్చే కరపత్రాన్ని వాడుక తెలుగులోకి మార్చడం ఎలా?

అనంతపురం వైపు ఊళ్ళలో పంచే వ్యవసాయ కరపత్రాల భాష ఇంచుమించు ఇలా ఉంటుంది:

"వర్షాధార వేరుశనగ సాగునందు శిలీంద్రనాశినితో విత్తనశుద్ధి గావించిన పిమ్మట తగినంత తేమయందు విత్తవలెను. ఊడలు దిగు దశయందు కాల్షియం లోప నివారణకై ఎకరాకు 200 కిలోల జిప్సమ్ వేయవలెను."

దీన్ని రైతు ఒక్కసారి చదివితే అర్థమయ్యేలా మార్చాలి.

1. ముందు క్రియల్ని మార్చండి. సంస్కృత పదాల జోలికి అప్పుడే పోవద్దు. బరువు సగం "యందు", "గావించిన పిమ్మట", "వలెను" వంటి వాటిలోనే ఉంది. "గావించిన పిమ్మట విత్తవలెను" అన్నది "చేసి విత్తండి" అయితే చాలు, వాక్యం దానంతట అదే తేలికవుతుంది. ఇక్కడ నష్టం ఏమీ లేదు.

2. రైతు మాట ఇంకా కచ్చితంగా ఉన్నచోట అదే వాడండి. "తగినంత తేమ" అంటే ఎంత? "పదును" అంటే విత్తనం వేయడానికి సరిపోయే తడి అని సేద్యం చేసేవాళ్ళందరికీ తెలుసు. అందుకే "మంచి పదునులో విత్తండి" అన్నదే మేలు. "వర్షాధార" బదులు "వానకు పండే" అనవచ్చు. "ఊడలు దిగు దశ"లోని ఊడలు ఎటూ మన మాటే, దాన్ని ముట్టుకోవద్దు. వేరుశనగను చెనిక్కాయ అనండి, బుడ్డలు అనండి, మీ ఊరి వాడుకను బట్టి. కుదించి "శనగ" అని మాత్రం రాయకండి. కర్నూలు, అనంతపురం నల్లరేగళ్ళలో శనగ వేరే పంట.

3. మందు, బూజు, సున్నం, కుళ్ళు: ఈ నాలుగు మాటల దగ్గర ఆగండి. వాడుక మాట పెట్టగానే అర్థం జారిపోయేది ఇక్కడే.

"విత్తనశుద్ధి"ని "విత్తనాలు శుభ్రం చేయడం" అంటే రాళ్ళూ మట్టీ ఏరడమని అనుకుంటారు. "విత్తనానికి మందు పట్టించడం" సరైన మాటే, కానీ మందు అంటే ఏ మందు? మన మాటల్లో యూరియా మందే, పురుగుమందు మందే, గడ్డి చచ్చేదీ మందే. శిలీంద్రాన్ని "బూజు" అందామంటే బూజు తెగులు అని వేరే తెగులు ఉంది. ఇలాంటప్పుడు డబ్బా మీది పేరు రాయడమే దారి: "కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించండి".

కాల్షియాన్ని మాటల్లో సున్నం అంటాం. "సున్నం తక్కువైతే జిప్సమ్ వేయండి" అని రాస్తే, ఇంట్లో ఉన్న సున్నమే చల్లవచ్చని ఎవరైనా అనుకోవచ్చు. సున్నంలో గంధకం ఉండదు, పైగా అది నేల గుణాన్నే మారుస్తుంది. అందుకని కాల్షియం అనే ఉంచి, కారణం ఒక ముక్క చేర్చండి: చెనిక్కాయలో ఊడ, కాయ తమకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటాయి, కాబట్టి జిప్సమ్ మొక్క మొదలు దగ్గరే పడాలి. పదం మార్చడం కన్నా ఈ కారణం చెప్పడమే ఎక్కువ పని చేస్తుంది.

అన్నిటికంటే చిక్కు "కుళ్ళు"తో. మొదలుకుళ్ళు నేలలోని శిలీంద్రం వల్ల వస్తుంది. మొవ్వకుళ్ళు వైరస్ వల్ల వస్తుంది, దాన్ని తామర పురుగులు మోస్తాయి. 2000లో అనంతపురం జిల్లా చెనిక్కాయను దెబ్బతీసిన కాండం కుళ్ళు కూడా వైరస్సే. వయ్యారిభామ పుప్పొడిలో ఉండే ఆ వైరస్ తామర పురుగులతో పాటు చేలోకి చేరింది. రెండు రకాలనూ "కుళ్ళు రోగం" అని కలిపేస్తే, వైరస్ వచ్చిన చేనుకు రైతు మాంకోజెబ్ కొడతాడు. దానికి వైరస్ లొంగదు. డబ్బు దండగ. "వైరస్" అనే మాటను అలాగే ఉంచండి, కరోనా తర్వాత అది తెలియని ఇల్లు లేదు. పక్కనే చేయాల్సింది చెప్పండి: "గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే పీకేయండి."

4. రాసింది ఇలా తయారవుతుంది:

"వానకు పండే చెనిక్కాయ: కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించి, మంచి పదునులో విత్తండి. ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సమ్‌ను మొక్కల మొదళ్ళ దగ్గర వేసి మట్టిలో కలపండి. కాయకు కావలసిన కాల్షియం దీనిలో ఉంటుంది."

పాతదాని కన్నా ఇది పొడుగే. "లోప నివారణకై" లాంటి సమాసాన్ని విప్పితే అంతే అవుతుంది, కరపత్రంలో చోటు చాలకపోతే వేరే విషయం తీసేయండి.

5. చదివించి చూడండి. "అర్థమైందా అన్నా?" అంటే ఎవరైనా అయిందనే అంటారు. "అంగడికి పోయి ఏం అడుగుతావన్నా? ఎప్పుడు వేస్తావు?" అని అడగండి. ఆయన "ఏదైనా పురుగుమందు ఇమ్మంటా" అన్నాడంటే మాంకోజెబ్ పేరు ఆయన కంటికి ఆనలేదన్నమాట. అప్పుడు అక్షరాలు పెద్దవి చేయండి, లేదా అది తెగులుకే తప్ప పురుగుకు కాదని అక్కడే ఒక మాట రాయండి.